ఈ జమ ఎవరిది?

విజయవాడ ఆటోనగర్‌లో మోటార్లు, పంపుసెట్లు టోకున అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. ఎన్టీఆర్ జిల్లాలోనూ, సరిహద్దు దాటి ఖమ్మం వైపూ దానికి చాలామంది డీలర్లున్నారు. సరుకు ముందు వెళ్తుంది, డబ్బు నెలకో నెలన్నరకో వస్తుంది. 2025 జూన్ 13 ఉదయం అకౌంటెంట్ ముందురోజు బ్యాంకు స్టేట్‌మెంట్ దించుకుని చూస్తే అందులో 1,86,420 రూపాయల జమ ఒకటి కనిపించింది. పంపినవారి పేరు డీలర్ల జాబితాలో లేదు. సరిగ్గా అంత మొత్తానికి బిల్లూ లేదు. "డబ్బు వేశామండీ" అని ఎవరూ ఫోన్ చేయలేదు. ఈ కంపెనీ, పేర్లు, అంకెలు విషయం వివరించడానికి కల్పించుకున్నవే. పని జరిగే తీరు మాత్రం ఏ ఆఫీసులోనైనా ఇదే.

ఇలాంటి జమ పెద్ద కంపెనీలకే వస్తుందనుకోనక్కర్లేదు. ఫీజులు ఆన్‌లైన్‌లో తీసుకునే స్కూలుకు వస్తుంది, మెయింటెనెన్స్ వసూలు చేసే అపార్ట్‌మెంట్ సంఘానికి వస్తుంది, ఎరువుల దుకాణానికీ వస్తుంది. ఎవరు వేశారో తెలియకపోయినా డబ్బు మాత్రం ఖాతాలో ఉంది. దాన్ని పుస్తకాల్లో ఎలా రాయాలి, యజమానిని ఎలా పట్టుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

రాయకుండా వదిలేస్తే?

తెలియని జమ కనబడగానే అకౌంటెంటుకు మూడు తేలికదారులు తోస్తాయి. మూడూ ఇబ్బంది పెట్టేవే.

మొదటిది, ఎవరిదో తెలిశాక రాద్దాంలే అని అసలు రాయకపోవడం. అలా చేస్తే బ్యాంకులో ఉన్న నిల్వకూ కంపెనీ పుస్తకంలో చూపే నిల్వకూ 1,86,420 తేడా ఉండిపోతుంది. నెలాఖరుకు ఇలాంటివి నాలుగైదు చేరితే తేడా ఎక్కడిదో విడదీయడమే ఒక పని అవుతుంది. పైగా పుస్తకంలో లేని డబ్బు మీద ఎవరి కన్నూ ఉండదు.

రెండోది, అమ్మకంగా రాసేయడం. బిల్లు లేని అమ్మకం జీఎస్టీ రిటర్నులో ఉండదు కాబట్టి పుస్తకాల అమ్మకాలు ఒకటి, ప్రభుత్వానికి చూపినవి ఒకటి అవుతాయి. ఆ డబ్బు పాత బాకీ తాలూకుదైతే ఒకే సరుకును రెండుసార్లు అమ్మినట్టు లెక్క తేలుతుంది.

మూడోదే అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. అంకె దగ్గరగా కనిపించిన డీలర్ పేరు మీద జమ వేసేయడం. మన ఉదాహరణలో బోనకల్లు డీలర్ ఒకరు సరిగ్గా 1,86,000 బాకీ ఉన్నారు. తేడా 420 రూపాయలే. "ఇంకెవరై ఉంటారు, వీళ్లదే" అనిపించడం సహజం. కానీ అది తప్పైతే దెబ్బ ఒకచోట ఆగదు. బోనకల్లు డీలర్ బాకీ తీరినట్టు కనిపిస్తుంది కనుక అప్పు పరిమితి ఖాళీ అయి మళ్లీ సరుకు వెళ్లిపోతుంది. నిజంగా డబ్బు కట్టిన డీలర్‌కేమో "మీ బాకీ ఇంకా రాలేదండీ" అని వసూళ్ల ఫోన్లు వెళ్తాయి. కట్టినవాడిని కట్టలేదనడం కన్నా వ్యాపార సంబంధాన్ని చెడగొట్టేది మరొకటి లేదు. ఏడాది చివర బాకీ నిర్ధారణ లేఖలు పంపినప్పుడు ఇద్దరూ ఒప్పుకోరు. అప్పటికి అసలు ఆధారాలు ఎవరికీ గుర్తుండవు.

సస్పెన్స్ ఖాతాలో రాయడమంటే

అందుకే అకౌంటింగులో ఇలాంటి సొమ్ముకు ప్రత్యేకంగా ఒక చోటు ఉంది. దాన్ని సస్పెన్స్ ఖాతా అంటారు. కొన్ని కంపెనీలు "గుర్తించని వసూళ్లు" అని వేరే లెడ్జర్ పెట్టుకుంటాయి. మన దగ్గర చాలా ఆఫీసుల్లో వాడే ట్యాలీలో `Suspense A/c` అన్న గ్రూపు ముందే ఉంటుంది, అదీ అప్పుల వైపు. ఆ స్థానం గుర్తుంచుకోదగ్గది. సస్పెన్స్‌లో ఉన్న జమ కంపెనీ సంపాదన కాదు. ఎవరికో లెక్క చెప్పాల్సిన సొమ్ము.

మన అకౌంటెంట్ జూన్ 12 తేదీతోనే రసీదు వోచర్ వేస్తారు. బ్యాంకు ఖాతా డెబిట్ 1,86,420, సస్పెన్స్ ఖాతా క్రెడిట్ 1,86,420. ఇక్కడితో బ్యాంకు నిల్వ, పుస్తకం నిల్వ కలిశాయి.

వోచర్ కింద వివరం రాసే గడిలో చాలామంది "తెలియని జమ" అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. రెండు నెలల తర్వాత సస్పెన్స్‌లో పది జమలు పోగైనప్పుడు ఏది ఏదో ఆ రెండు మాటలతో తేలదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ జమ ఎదురుగా ఉన్న వాక్యాన్ని, అంటే నెరేషన్‌ని, ఒక్క అక్షరం వదలకుండా అక్కడ ఎక్కించాలి. ఆ లెడ్జర్‌కు బిల్లువారీ వివరం పెట్టుకుని, బిల్లు నంబరు స్థానంలో బ్యాంకు రిఫరెన్స్ నంబరు ఇస్తే ఇంకా మంచిది. అప్పుడు ప్రతి జమ విడిగా నిలబడుతుంది, యజమాని దొరికినప్పుడు విడిగా తీరుతుంది. మొత్తం నిల్వ ఎంత అన్నదాని కన్నా అందులో ఏయే జమలు ఎన్ని రోజులుగా ఉన్నాయన్నదే ముఖ్యం.

నెరేషన్‌ని చదవడం

ఇప్పుడు వెతుకులాట మొదలు. మన జమకు ఎదురుగా స్టేట్‌మెంట్‌లో ఇలా ఉంది:

```
NEFT CR-UBIN0XXXXXX-K NAGA LAKSHMI-MOTORS-UBINH25163004417
```

చూడటానికి గజిబిజిగా ఉన్నా, ముక్కలు చేస్తే ప్రతిదీ ఏదో ఒకటి చెబుతుంది.

మొదటి ముక్క డబ్బు వచ్చిన మార్గం. `NEFT` అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు బదిలీ. కాబట్టి ఎవరో చేతికి డబ్బిచ్చి కట్టించినది కాకుండా, ఒక ఖాతాదారు తన ఖాతా నుంచి పంపినది అయ్యే అవకాశమే ఎక్కువ. అదే `RTGS` అయితే మొత్తం కనీసం 2 లక్షలు ఉండాలి. `IMPS`, `UPI` అయితే ఫోన్‌లోంచి వేసి ఉండవచ్చు. `CLG` అని ఉంటే చెక్కు క్లియరింగ్, `BY CASH` అని ఉంటే ఏదో బ్రాంచిలో నగదుగా కట్టారు.

రెండో ముక్క, `UBIN0`తో మొదలైనది, పంపినవారి బ్రాంచి ఐఎఫ్ఎస్‌సీ కోడ్. అందులో మొత్తం 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి ఆరు బ్రాంచివి. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ కోడ్ వేస్తే బ్రాంచి ఏ ఊళ్లో ఉందో వస్తుంది. మన ఉదాహరణలో అది యూనియన్ బ్యాంకు, మధిర అని తేలిందనుకుందాం. వందకు పైగా ఉన్న డీలర్ల నుంచి వెతుకులాట ఒక్కసారిగా మధిర చుట్టుపక్కల ముగ్గురు నలుగురికి తగ్గింది. అయితే ఖాతా ఒక ఊళ్లో తెరిచి మరో ఊళ్లో వ్యాపారం చేసేవారు చాలామంది. బ్రాంచి ఆచూకీ మాత్రమే ఇస్తుంది, రుజువు కాదు.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంతకుముందు డీలర్ల దగ్గర తీసుకున్న దరఖాస్తుల్లో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ `ANDB` అని ఉంటుంది. ఇప్పుడు అదే ఖాతా నుంచి వచ్చే జమలో `UBIN` అని కనిపిస్తుంది. పాత ఫైలు పక్కన పెట్టి చూసే అకౌంటెంట్ "ఈ డీలర్‌కు యూనియన్ బ్యాంకులో ఖాతానే లేదు" అనుకుని పక్కకు తోసేస్తే అసలు మనిషే తప్పిపోతారు.

చివరి ముక్క యూటీఆర్, అంటే ఆ లావాదేవీకి మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య. ఇక్కడ అది 16 అక్షరాలు. మొదటి నాలుగూ పంపిన బ్యాంకును చెబుతాయి. `25163`లో 25 అంటే 2025 సంవత్సరం, 163 అంటే ఆ ఏడాది 163వ రోజు. మే నెలాఖరుకు 151 రోజులు, మరో 12 కలిపితే జూన్ 12. మిగిలిన ఆరు అంకెలు వరుస సంఖ్య. ఆర్‌టీజీఎస్ యూటీఆర్‌లో 22 అక్షరాలుంటాయి. అందులో ఐదో అక్షరం `R`, తర్వాత తేదీ `20250612` అన్నట్టు పూర్తిగా కనిపిస్తుంది. ఫోన్ బదిలీలకు సాధారణంగా 12 అంకెల రిఫరెన్స్ ఉంటుంది. `5163`తో మొదలైతే అది 2025లో 163వ రోజుది. బ్యాంకును బట్టి ఈ కూర్పు కొంత మారుతుంది, కొన్ని బ్యాంకులు ఎన్ఈఎఫ్‌టీకి కూడా పొడవాటి సంఖ్యే ఇస్తాయి. అయినా మొదటి నాలుగు అక్షరాలను, తేదీని చదవడం వస్తే "పదకొండునే వేశామండీ" అని ఎవరైనా అన్నప్పుడు అది ఈ జమేనా, వేరేదా అన్నది వెంటనే చెప్పవచ్చు.

పేరు, మాట, మొత్తం

మధ్యలో ఉన్న పేరే అన్నిటికన్నా ఎక్కువ తికమక పెడుతుంది. మన దగ్గర చిన్న వ్యాపారాల్లో చాలావరకు సొంత యాజమాన్య సంస్థలు. దుకాణం బోర్డు మీద ఒక పేరు ఉంటుంది, డబ్బు వచ్చేది యజమాని సేవింగ్స్ ఖాతా నుంచో, భార్య ఖాతా నుంచో, కొడుకు ఫోన్ నుంచో. ఒక్కోసారి పంపు కొన్న రైతే డీలర్ మాట మీద నేరుగా కంపెనీకి వేస్తాడు. సంస్థ పేరుతోనే వచ్చినా పూర్తిగా రాదు. కొన్ని స్టేట్‌మెంట్లలో పేరు సగంలో తెగిపోతుంది. `SRI VENKATESWARA EN` దగ్గర ఆగితే అది ఎంటర్‌ప్రైజెసా, ఇంజినీరింగా? దేవుడి పేర్లతో దుకాణాలు వీధికి రెండున్న మన ఊళ్లలో ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. `SRI`, `SREE`, `SHRI` అని ఒకే పేరును మూడు రకాలుగా రాస్తారు కనుక కంప్యూటర్‌లో వెతికినా ఒకదానికి మరొకటి దొరకదు. ఇంటిపేరు అక్షరాలు వదిలేసి, అసలు పేరులోని ముక్కతో మాత్రమే వెతకాలి.

అలా వెతకాల్సిన మొదటి చోటు కంపెనీ సొంత పాత స్టేట్‌మెంట్లే. `NAGA LAKSHMI` అని గత రెండు మూడేళ్ల జమల్లో వెతికితే, అదే ఖాతా నుంచి ఇంతకుముందు డబ్బు వచ్చి ఉంటే, అప్పుడు ఏ డీలర్ పేరు మీద రాశారో దొరుకుతుంది. తెలియని జమల్లో చాలా వాటికి ఇక్కడే తెర పడుతుంది. మన ఉదాహరణలో మాత్రం ఆ పేరు మొదటిసారి వచ్చింది. `MOTORS` అన్న మాట కంపెనీ అమ్మే సరుకునే చెబుతోంది కాబట్టి, ఇది దారి తప్పి వచ్చిన డబ్బు కాకపోవచ్చన్న ధైర్యం ఇస్తుంది, అంతే.

ఇక మిగిలింది మొత్తం. ఒక్క బిల్లుతో సరిపోకపోతే రెండు మూడు బిల్లులు కలిపి చూడాలి. అప్పటికీ సరిపోకపోతే మధ్యలో ఏం తగ్గించుకుని ఉంటారో ఆలోచించాలి. సేవల బిల్లుల్లో అది సాధారణంగా టీడీఎస్. లక్ష రూపాయల పనికి 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000 బిల్లు ఇస్తే, వృత్తి సేవలపై 10 శాతం టీడీఎస్ పోగా 1,08,000 వస్తుంది. పన్ను అసలు మొత్తం మీదే కోస్తారు కనుక తేడా సరిగ్గా పదివేలు. అలా కోసినవారి పేరు తర్వాత కంపెనీ పాన్ నంబరు మీద 26ఏఎస్‌లో కనిపిస్తుంది కాబట్టి అదీ ఒక ఆధారమే. సరుకుల వ్యాపారంలోనైతే తేడా ఎక్కువగా నగదు డిస్కౌంటుదో, వాపసు సరుకుదో అవుతుంది.

మధిర డీలర్ ఖాతాలో మూడు బిల్లులు బాకీ ఉన్నాయి: 98,640, 64,980, 27,343. కలిపితే 1,90,963. వచ్చిన 1,86,420కు, దీనికి తేడా 4,543. ఇదేదో గుండుగా రౌండ్ చేసిన అంకె కాదు. ధరల జాబితాలో చూస్తే 3,850 రూపాయల స్టార్టర్ ఒకటుంది. దానికి 18 శాతం జీఎస్టీ 693 కలిపితే సరిగ్గా 4,543. ఒక స్టార్టర్ వాపసు వచ్చి ఉండాలి. బోనకల్లు బాకీతో ఉన్న 420 తేడాకు మాత్రం ఏ కారణమూ కనబడలేదు. తేడా చిన్నదా పెద్దదా అన్నది కాకుండా, దానికి కారణం చెప్పగలమా లేదా అన్నదే చూడాలి.

ఫోన్‌లో ఎలా అడగాలి

ఇంతవరకు తేలింది అనుమానమే. ఇప్పుడు డీలర్‌ని అడగాలి. అడిగే తీరులోనే సగం పని ఉంది. "మీరు 1,86,420 వేశారా అండీ?" అని అడిగితే జవాబు మన చేతులతోనే అందించినట్టు. బాకీ తీరితే చాలనుకునే మనిషి, లేదా ఇంట్లో ఎవరు ఎంత వేశారో తెలియని మనిషి, "ఆ, మేమే అయ్యుంటుంది" అనేస్తారు. మొత్తం, పేరు, బ్యాంకు మూడూ మన దగ్గరే ఉంచుకుని, వాళ్ల నోటి నుంచి రానివ్వాలి.

బోనకల్లుకు ఫోన్ చేసి, "ఈ వారంలో మాకేమన్నా డబ్బులు వేశారా అండీ?" అని అడిగితే, "లేదండీ, వచ్చే సోమవారం వేస్తాం" అన్నారు. మధిరకు అదే ప్రశ్న.

"వేశామండీ, పన్నెండో తారీఖున."

"ఎంత వేశారండీ? ఏ ఖాతా నుంచి?"

"మా ఆవిడ ఖాతా నుంచి, యూనియన్ బ్యాంకు. లక్షా ఎనభై ఆరువేల నాలుగొందల ఇరవై. పాడైన స్టార్టర్ మీ గోడౌన్‌కు పంపేశాం కదా, అది తీసేసి వేశామండీ."

యూటీఆర్ ఫొటో పంపమంటే పంపారు. చివరి అంకెలు కలిశాయి. గోడౌన్‌లో అడిగితే స్టార్టర్ వచ్చిన మాట నిజమే, ఆఫీసుకు చీటీ రాలేదంతే. చెప్పకుండా వచ్చిన జమ వెనక చెప్పకుండా వచ్చిన సరుకు కూడా ఉంది. సస్పెన్స్ జమల వెంట పడితే ఇలా కంపెనీ లోపలి సమాచార లోపాలు కూడా బయటపడతాయి.

ఇప్పుడు రాసేవి రెండు. స్టార్టర్ వాపసుకు 4,543 క్రెడిట్ నోటు. తర్వాత ఒక జర్నల్ వోచర్: సస్పెన్స్ ఖాతా డెబిట్ 1,86,420, మధిర డీలర్ ఖాతా క్రెడిట్ 1,86,420. మూడు బిల్లులూ తీరాయి, డీలర్ ఖాతా సున్నా, సస్పెన్స్ సున్నా. జర్నల్ తేదీ యజమాని తెలిసిన రోజుదే వేయాలి. పాత తేదీకి వెనక్కి వెళ్లి రసీదును దిద్దితే ముందు ఇచ్చిన లెక్కలన్నీ మారిపోతాయి. అయితే ఆలస్యపు వడ్డీ, నగదు డిస్కౌంటు లెక్కేసేటప్పుడు జూన్ 12నే పరిగణించాలి. డీలర్ డబ్బు ఆ రోజే ఇచ్చాడు, గుర్తించడంలో ఆలస్యం కంపెనీది.

మరొక కాగితం కూడా కావాలి. డబ్బు కట్టింది డీలర్ సంస్థ కాదు, ఆయన భార్య. "ఈ మొత్తం మా సంస్థ బాకీ కింద ఫలానా ఖాతా నుంచి కట్టినది" అని డీలర్, ఆ ఖాతాదారు ఇద్దరి సంతకాలతో ఒక లేఖ తీసుకుని వోచర్‌కు జత చేయాలి. రేపు ఆడిటర్ అడిగినా, కుటుంబంలో ఎవరైనా ఆ డబ్బు అప్పుగా ఇచ్చామన్నా ఆ లేఖే జవాబు.

ఎవరూ దొరకనప్పుడు

అన్నిసార్లూ కథ ఇంత చక్కగా ముగియదు. నగదుగా కట్టిన జమలో ఊరు పేరు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అప్పుడు తేదీ, మొత్తం, బ్రాంచి రాసి డిపాజిట్ చీటీ వివరం ఇవ్వమని బ్యాంకుకు లేఖ పెట్టాలి. బదిలీ అయితే యూటీఆర్ ఇచ్చి పంపినవారి వివరం అడగాలి. తమ ఖాతాదారు కానివారి వివరాలను బ్యాంకు ఒక హద్దు వరకే ఇస్తుంది. కాని ఆ యూటీఆర్‌తో మన లేఖ పంపిన బ్యాంకుకు చేరితే, అక్కడి నుంచి వాళ్ల ఖాతాదారుకు కబురు వెళ్లే దారి ఉంటుంది.

అసలు మనకు సంబంధమే లేని డబ్బు కూడా వస్తుంది. చాలాకాలం ఈ బదిలీలు ఖాతా నంబరు ఒక్కదాని మీదే నడిచాయి. పేరు ఏం రాసినా నంబరు ఎవరిదైతే వాళ్లకే జమ. పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు ఎన్ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లకు 2025 ఏప్రిల్ 1 నాటికి ఉండాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. దానివల్ల పొరపాట్లు తగ్గుతాయి. ఆ పేరు చదవకుండా నొక్కేవాళ్ల పొరపాట్లు మాత్రం ఆగవు.

అలా వచ్చినది మన సొమ్మయిపోదు. పొరపాటున చెల్లించిన డబ్బును అందుకున్నవారు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వడంలోనూ జాగ్రత్త కావాలి. "పొరపాటున మీ ఖాతాలో వేశామండీ, ఈ నంబరుకు తిరిగి పంపండి" అని వాట్సాప్‌లో మరో ఖాతా ఇచ్చేవారుంటారు. అలా వచ్చింది సైబర్ మోసంలో ఎవరి దగ్గరో కాజేసిన డబ్బయితే, మోసపోయినవారు 1930కి ఫిర్యాదు చేశాక పోలీసులు ఆ డబ్బు నడిచిన దారి వెంట వస్తారు. మన ఖాతా ఆ దారిలో ఒక మెట్టుగా కనిపిస్తుంది, నిలిపివేసే ప్రమాదమూ ఉంది. అందుకే తిరుగు చెల్లింపు ఎప్పుడూ మన బ్యాంకుకు లిఖితంగా చెప్పి, డబ్బు వచ్చిన ఖాతాకే వెళ్లేలా చేయాలి. ఫోన్‌లో ఎంత బతిమాలినా, బెదిరించినా వేరే ఖాతాకు పంపకూడదు.

యజమాని దొరకని జమ ఆర్థిక సంవత్సరం చివర కూడా అప్పుల వైపే ఉండాలి, ప్రతి జమ వివరంతో ఆడిటర్ ముందు పెట్టాలి. పుస్తకాల్లో ఉన్న జమ ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో చెప్పలేకపోతే ఆదాయపు పన్ను శాఖ దాన్ని వివరణ లేని ఆదాయంగా చూడవచ్చు. 1961 చట్టంలో ఆ నిబంధన 68వ సెక్షన్‌గా అకౌంటెంట్లందరికీ పరిచయమే. వెతికినట్టు రుజువులుండటం, అంటే బ్యాంకుకు రాసిన లేఖలు, చేసిన ఫోన్ల వివరాలు ఫైలులో ఉండటం అక్కడ పనికొస్తుంది. సేవలు అమ్మే కంపెనీకి మరో తొందర కూడా ఉంది. వచ్చింది సేవకు అడ్వాన్సు అని తేలితే జీఎస్టీ ఆ డబ్బు అందిన నెలకే వర్తిస్తుంది. గుర్తించడం ఆలస్యమైన కొద్దీ వడ్డీ పడుతుంది. సరుకుల అడ్వాన్సుకు 2017 నవంబరు నుంచి ఆ ఇబ్బంది లేదు.

సస్పెన్స్ మీద ఎవరి కన్ను?

ఇంకో మాట కంపెనీ యజమానులకు. సస్పెన్స్ ఖాతా మోసానికి కూడా చోటిస్తుంది. వసూలుకు వెళ్లిన మనిషి ఒక డీలర్ ఇచ్చిన నగదును జేబులో వేసుకున్నాడనుకోండి. ఆ డీలర్ ఖాతా బాకీ చూపకుండా ఉండాలంటే, సస్పెన్స్‌లో ఎవరూ అడగని పాత జమ ఒకటి తీసి అక్కడ సర్దితే సరి. లెక్క కలుస్తుంది, దొంగతనం కనబడదు. అసలు జమ యజమాని వచ్చి అడిగిన రోజున మరో జమతో దాన్ని కప్పుతారు. అందుకే సస్పెన్స్ నుంచి డీలర్ ఖాతాకు మార్చే వోచర్ ఒకరు రాస్తే మరొకరు ఆమోదించాలి, ఆమోదించేవారు ఆధారం చూడాలి. యూటీఆర్ కలిసిందా, డీలర్ నోటి నుంచి మొత్తం వచ్చిందా, మూడో మనిషి ఖాతా అయితే లేఖ ఉందా? ఈ మూడింటికీ జవాబు లేకుండా సస్పెన్స్ తగ్గితే అది సంతోషించాల్సిన విషయం కాదు.

వారానికోసారి సస్పెన్స్ జాబితా తీసి ఏ జమ ఎన్ని రోజులుగా ఉందో చూడాలి. వారంలోపు ఫోన్లు చేస్తే డబ్బు వేసినవారికి వేసిన సంగతి గుర్తుంటుంది. మూడు నెలలయ్యాక ఎవరికీ గుర్తుండదు. డీలర్ నమోదు ఫారంలో "ఏయే ఖాతాల నుంచి డబ్బు కడతారు, అవి ఎవరి పేరు మీద ఉన్నాయి" అన్న ఒక్క గడి చేరిస్తే నాగలక్ష్మి గారి పేరు మొదటి రోజే డీలర్ పక్కన కనిపించేది. డీలర్లు బాగా ఎక్కువైతే, ఒక్కొక్కరికీ విడి నంబరుండే వర్చువల్ ఖాతాలను బ్యాంకులు ఇస్తాయి. ఏ నంబరుకు డబ్బొస్తే ఆ డీలర్‌దే అని ముందే తెలిసిపోతుంది.

డబ్బు పంపే మనందరం చేయగలిగింది కూడా ఒకటుంది. స్కూలు ఫీజైనా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సయినా, దుకాణం బాకీయైనా, పంపేటప్పుడు రిమార్కుల గడిలో ఎవరి తరఫున, ఏ బిల్లుకో రాయండి. పంపాక యూటీఆర్ నంబరును వాళ్లకు తెలియజేయండి. మీరు కట్టిన డబ్బు మీ పేరు మీదే జమ పడటానికి అంతకన్నా సులువైన మార్గం లేదు.